బోర్డు రిపోర్టులో సైబర్ ప్రమాదం పేరా: సాంకేతికంగా రాస్తే ఎవరికీ అర్థం కాదు, మామూలుగా రాస్తే తప్పవుతోంది

బ్రాడీపేట_నాలుగో_లైను
గుంటూరులో నాలుగు కోల్డ్ స్టోరేజీలు నడిపే కంపెనీలో అకౌంట్లు, బోర్డు కాగితాలు చూస్తాను. సరకు దాదాపు అంతా మిర్చే. వచ్చే వారం బోర్డు సమావేశం ఉంది. గత సమావేశంలో మా ఐటీ ఆయన రాసిచ్చిన పేరాను ఉన్నది ఉన్నట్టుగా పెట్టాను. అది ఇది:

> "ఎస్ఎస్ఎల్ వీపీఎన్ గేట్‌వే ఫర్మ్‌వేర్‌లో ప్రీ-అథెంటికేషన్ ఆర్‌సీఈ లోపం (సీవీఎస్ఎస్ 9.8). ఎంఎఫ్ఏ అమలులో లేదు. ఫ్లాట్ నెట్‌వర్క్ కారణంగా లాటరల్ మూవ్‌మెంట్ సాధ్యం. బ్యాకప్ సర్వర్ అదే డొమైన్‌లో ఉంది. మిగులు ప్రమాదం: అధికం."

ఛైర్మన్ గారు రెండుసార్లు చదివి, కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి, "అమ్మా, దొంగ వచ్చాడా, వస్తాడా, తలుపు తీసి ఉందా? ఈ మూడింటిలో ఏది?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. అంశం వచ్చే సమావేశానికి వాయిదా పడింది.

ఈసారి నేనే మార్చి రాశాను: "మన కంప్యూటర్లలోకి హ్యాకర్లు ప్రవేశించే అవకాశం 98 శాతం ఉంది. ప్రవేశిస్తే వ్యాపారం మొత్తం ఆగిపోతుంది. ఓటీపీ విధానం కొంటే ఈ ప్రమాదం తొలగుతుంది." మా ఐటీ ఆయన చదివి, "ఇందులో మూడు వాక్యాలున్నాయి, మూడూ తప్పే" అన్నారు. ఎందుకు తప్పో చెప్పమంటే మళ్లీ మొదటి పేరాయే చదివారు. ఎలా రాయాలి?

రాత్రి_షిఫ్టు
98 శాతం ఎక్కడి నుంచి వచ్చింది? 9.8ని పదితో హెచ్చించారా?

బ్రాడీపేట_నాలుగో_లైను
అవును. పదికి 9.8 అంటే నూటికి 98 అనుకున్నాను. కాదా?

పాత_ఫైర్‌వాల్
కాదండి. చాలామంది ఇక్కడే పొరపడతారు, మీ ఒక్కరిదే కాదు ఈ పొరపాటు. ఆ అంకె లోపం ఎంత చెడ్డదో చెబుతుంది, ఎవరైనా వచ్చే అవకాశం ఎంతో చెప్పదు. దూరం నుంచే వాడవచ్చా, పాస్‌వర్డ్ కావాలా, లోపలి మనిషి ఏదైనా నొక్కాలా, లోపలికి వచ్చాక ఎంత చేయగలడు, ఇలాంటి ప్రశ్నల జవాబులను ఒక సూత్రంతో లెక్కిస్తే 9.8 వస్తుంది. మీ కంపెనీ గుంటూరులో ఉందో గువాహటిలో ఉందో దానికి తెలియదు. ఆ వీపీఎన్ పరికరం మీరు వాడుతున్నారో, పెట్టెలో పెట్టి అటక ఎక్కించారో కూడా తెలియదు. ఆ విధానాన్ని తయారుచేసిన సంస్థే ఇది తీవ్రతకు కొలత, ప్రమాదానికి కొలత కాదని తన మార్గదర్శకంలో రాసుకుంది.

కాబట్టి 9.8ని బోర్డు నోటులోంచి తీసేయండి. దాని వెనక ఉన్న మాటే రాయండి: "పాస్‌వర్డ్ తెలియకపోయినా, బయటి నుంచే, మన వాళ్లెవరూ ఏ పొరపాటూ చేయకపోయినా లోపలికి రావచ్చు." ప్రీ-అథెంటికేషన్ అన్న మాటకు అర్థం అదే. ఇలా రాస్తే సాంకేతికంగా ఏమీ పోలేదు, ఛైర్మన్ గారికీ అర్థమవుతుంది.

ఇక నాకు కొన్ని సంగతులు కావాలి. ఆ పరికరం ఇంటర్నెట్‌కు నేరుగా కనబడుతోందా? లోపాన్ని సరిచేసే ప్యాచ్ ఎప్పుడు వచ్చింది, వేశారా? ఈ లోపాన్ని ఎక్కడైనా నిజంగా వాడినట్టు తేలిందా? బ్యాకప్ నుంచి మొత్తం తిరిగి తెచ్చి ఎప్పుడైనా చూశారా?

కృష్ణలంక_సీఏ
దయచేసి ఇవేవీ బోర్డు రిపోర్టులో రాయకండి. కంపెనీల చట్టం 134వ సెక్షన్ ప్రకారం రిస్కు నిర్వహణ విధానం గురించి చెబితే చాలు. ఆ రిపోర్టు వాటాదారులకు వెళుతుంది, కంపెనీల రిజిస్ట్రారు దగ్గర దాఖలవుతుంది, ఎవరైనా రుసుము కట్టి చూడవచ్చు. మన తలుపు తీసి ఉందని మనమే ఊరంతా చాటింపు వేసినట్టవుతుంది.

బ్రాడీపేట_నాలుగో_లైను
సీఏ గారూ, నేను అడిగింది వార్షిక నివేదికలో వెళ్లే రిపోర్టు గురించి కాదు. సమావేశానికి ముందు డైరెక్టర్లకు పంపే నోటు గురించి. మా వాళ్లు దాన్నే బోర్డు రిపోర్టు అంటారు, అందుకే అలా రాశాను.

కృష్ణలంక_సీఏ
అలాగా, అయితే సరే. కానీ ఒక జాగ్రత్త మాత్రం పాటించండి. ఆ నోటు ఈమెయిల్లో వెళుతుంది, డైరెక్టర్ గారి అబ్బాయి ప్రింటు తీస్తాడు, కారులో సీటు మీద పడి ఉంటుంది. పరికరం పేరు, మోడల్, వెర్షన్ అందులో రాయవద్దు.

రాత్రి_షిఫ్టు
వెర్షన్ లేకపోతే కచ్చితత్వం ఏం మిగిలింది? మేము రోజంతా కూర్చుని కనిపెట్టింది అదే.

పాత_ఫైర్‌వాల్
ఇద్దరిదీ నిజమే. వెర్షన్, లోపం నంబరు ఐటీ దగ్గర ఒక కాగితంలో ఉంచండి. దానికి ఒక వరుస సంఖ్య ఇచ్చి, ఆ సంఖ్యను మాత్రం బోర్డు నోటులో రాయండి. రేపు ఎవరైనా ఆడిటర్ "ఏ లోపం గురించి చెప్పారు?" అని అడిగితే ఆ కాగితం తీసి చూపవచ్చు. డైరెక్టరుకు వెర్షన్ నంబరుతో పని లేదు.

బ్రాడీపేట_నాలుగో_లైను
పాత ఫైర్‌వాల్ గారూ, ఐటీ ఆయన పక్కన కూర్చుని జవాబులు రాయించుకున్నాను.

పరికరం ఇంటర్నెట్‌కు నేరుగా కనబడుతుంది. నాలుగు గోడౌన్ల గేట్ల నుంచి సర్వర్‌కు కలిసేది దాని ద్వారానే. ప్యాచ్ వచ్చి 47 రోజులైంది, ఇంకా వేయలేదు. వేయాలంటే సుమారు 40 నిమిషాలు గేట్లలో కంప్యూటర్ ఆగాలి. సీజన్‌లో తెల్లవారుజామున కూడా లారీలు ఉంటాయి, ఆపడానికి ఎవరూ ఒప్పుకోలేదు. ఈ లోపాన్ని నేరగాళ్లు వాడుతున్నారని అమెరికా సైబర్ భద్రతా సంస్థ సిసా నడిపే జాబితాలో ఉందట. బ్యాకప్ ప్రతి రాత్రి జరుగుతుంది. మొత్తం తిరిగి తెచ్చి ఎప్పుడూ చూడలేదు, జనవరిలో ఒక్క ఫైలు పోతే తెచ్చారు.

లెక్కల_మాస్టారు
ఇంత వర్ణన అవసరం లేదు. బోర్డుకు తెలిసిన భాష రూపాయి ఒక్కటే. నష్టం 3 కోట్లు అనుకోండి, జరిగే అవకాశం 30 శాతం అనుకోండి, ప్రమాదం విలువ 90 లక్షలు. రక్షణకు 12 లక్షలు ఖర్చు. నిర్ణయం తేలిపోయింది. అవకాశం ఎంతో అంచనా వేయలేమని అనకండి, ఈపీఎస్ఎస్ అని ఒక స్కోరు ఉంది, ప్రతి లోపానికీ రోజూ సంభావ్యత ఇస్తుంది. అది 0.92 ఉంటే 92 శాతం అని ధైర్యంగా రాయవచ్చు.

పాత_ఫైర్‌వాల్
మాస్టారూ, రూపాయల్లో చెప్పాలన్న మాట సరైనదే. కానీ ఈపీఎస్ఎస్ చెప్పేది వచ్చే 30 రోజుల్లో ఆ లోపాన్ని ప్రపంచంలో ఎక్కడైనా వాడే సంభావ్యత. ఈ కంపెనీ మీద వాడే సంభావ్యత కాదు. 9.8ని 98 చేసిన పొరపాటే ఇక్కడ ఇంకో తలుపు గుండా మళ్లీ వస్తోంది. పైగా ఇప్పటికే వాడుతున్నారని జాబితాలో ఉన్నప్పుడు "వాడతారా" అన్న జోస్యంతో పనేముంది?

ఇక 30 శాతం. అది ఎక్కడి నుంచి వచ్చింది? మీరు అనుకున్నారు. 90 లక్షలు అన్న అంకె నోటులో పడ్డాక అది అనుకున్నదని ఎవరికీ గుర్తుండదు. నిజానికి ఎవరూ ఎప్పుడూ 90 లక్షలు నష్టపోరు. ఏమీ జరగకపోతే సున్నా, జరిగితే 3 కోట్లు. సీజన్ మధ్యలో ఒక్కసారిగా 3 కోట్లు పోతే తట్టుకోగలమా అన్నది బోర్డు తేల్చుకోవలసిన ప్రశ్న. సగటు ఆ ప్రశ్ననే మాయం చేస్తుంది.

లెక్కల_మాస్టారు
బీమా కంపెనీలు ఇలాగే లెక్క వేస్తాయి కదా?

పాత_ఫైర్‌వాల్
వాళ్ల దగ్గర వేల పాలసీలుంటాయి. ఈ కంపెనీ ఒక్కటే.

సూర్యారావుపేట_ల్యాబ్
విజయవాడలో మాకు రక్త పరీక్షల ల్యాబ్ ఉంది. మూడేళ్ల కిందట ర్యాన్సమ్‌వేర్ పడింది. అంతకుముందు నెలలోనే మా అన్నదమ్ముల సమావేశంలో కంప్యూటర్లు చూసే అబ్బాయి "బ్యాకప్ ఉంది" అని రాసిచ్చాడు. అబద్ధం కాదు, బ్యాకప్ ఉంది. కాకపోతే ఆ డిస్కు ఇరవై నాలుగు గంటలూ అదే సర్వర్‌కు తగిలించి ఉంది. సర్వర్‌తో పాటు అదీ పోయింది.

పదకొండు రోజులు కార్బన్ కాగితం పెట్టి చేత్తో రిపోర్టులు రాశాం. థైరాయిడ్ పాత విలువ ఎంత ఉందని పేషెంట్లు అడిగితే చెప్పలేకపోయాం. ఒక పెద్దాయన తన పాత రిపోర్టులన్నీ సంచిలో పెట్టుకుని వచ్చి, "మీ దగ్గర లేకపోయినా నా దగ్గర ఉన్నాయి బాబూ" అని కౌంటరు మీద పరిచారు. ఆ రోజు నాకు కన్నీళ్లు ఆగలేదు.

అందుకే చెబుతున్నాను. "బ్యాకప్ ఉంది" అని రాయవద్దు. దొంగ చెయ్యి అందని చోట ఉన్న చివరి ప్రతి ఏ తేదీదో రాయండి.

బ్రాడీపేట_నాలుగో_లైను
ఇది చదివి వెంటనే అడిగాను. మా రాత్రి బ్యాకప్ కూడా అదే అడ్మిన్ పాస్‌వర్డుతో తెరుచుకుంటుందట. మొదటి పేరాలో "అదే డొమైన్‌లో ఉంది" అంటే ఇదేనని ఇప్పుడు అర్థమైంది. ఇది కాక నెల మొదటి రోజున ఒక డిస్కులోకి తీసి బ్యాంకు లాకర్లో పెడతారు. అంటే దొంగకు అందని ప్రతి ఈ నెల 1వ తేదీది. నెలాఖరున గనక పోతే నెల రోజుల నమోదులు పోయినట్టే.

రాత్రి_షిఫ్టు
అవి మళ్లీ ఎక్కించడానికి కాగితం ఉందా?

బ్రాడీపేట_నాలుగో_లైను
ఉంది. గేటు పాసు రెండో ప్రతి, కాటా చీటీ గేటులోనే ఉంటాయి. మిర్చి బస్తాల లెక్క, ఒక్కో టిక్కీదీ, వాటిలో ఉంటుంది. కాబట్టి పోయేది సమాచారం కాదు, నెల రోజుల పని.

పాత_ఫైర్‌వాల్
అద్భుతం. ఇదిగో, వ్యాపార భాష అంటే ఇది. "డేటా నష్టం" అని రాస్తే ఛైర్మన్ గారికి ఏమీ తెలియదు. "గరిష్ఠంగా నెల రోజుల నమోదులు కాగితాలు చూసి మళ్లీ ఎక్కించాలి" అంటే ఎంతమంది, ఎన్ని రాత్రులు కూర్చోవాలో ఆయనే లెక్క వేసుకుంటారు.

ఆటోనగర్_7
ఇంత మెత్తగా రాస్తే డబ్బు మంజూరు కాదు. మిర్చి మొత్తం కుళ్లిపోతుందని రాయండి. లక్షల టిక్కీలు, వందల కోట్ల సరకు. ఆ మాట చదివితే సంతకం ఆ పూటే పడుతుంది. మొదటి పేరాలోనే ఉంది కదా, నెట్‌వర్క్ అంతా ఒకటేనని. చల్లదనం యంత్రాలు కూడా అందులోనే ఉంటాయి.

కంప్రెసర్_రూము
నేను పదహారేళ్లుగా కోల్డ్ స్టోరేజీల్లో అమ్మోనియా ప్లాంటు చూస్తున్నాను. ఆ మాట రాసే ముందు ఒకసారి ప్లాంటు రూముకు వెళ్లి చూడండి మేడమ్. చాలా చోట్ల కంప్యూటర్ ఉష్ణోగ్రత చూపించడానికే ఉంటుంది. కంప్రెసర్ నడిచేది గోడకున్న ప్యానెల్ బోర్డు నుంచి, ఆపరేటరు చేత్తో. కొన్ని కొత్త ప్లాంట్లలో మాత్రం కంప్యూటర్ నుంచే ఆన్, ఆఫ్ చేస్తారు. మీది ఏది?

బ్రాడీపేట_నాలుగో_లైను
ఈ రోజు మధ్యాహ్నం వెళ్లి చూసి వచ్చాను. ఇన్నేళ్లలో ప్లాంటు రూములోకి అడుగు పెట్టడం ఇదే మొదటిసారి. నాలుగింటిలోనూ కంప్యూటర్ చూపిస్తుంది, నడపదు. ఆపరేటరు నా ముందే కంప్యూటర్ ఆపి చూపించాడు. కంప్రెసర్ మోత ఏమీ మారలేదు. గోడ మీది థర్మామీటరు చూసి గంటగంటకూ పుస్తకంలో రాసుకుంటాడు, కంప్యూటర్ ఉన్నా లేకపోయినా.

కంప్రెసర్_రూము
అయితే సరకు పాడవుతుందన్న మాట మీ విషయంలో అబద్ధం. ఆ పుస్తకం ఆపవద్దని కూడా నోటులో ఒక మాట రాయండి. కంప్యూటర్ వచ్చింది కదా అని కొన్నిచోట్ల మానేస్తున్నారు.

ఆటోనగర్_7
కొంచెం భయపెడితే తప్పేమిటి? ఉద్దేశం మంచిదే కదా.

పాత_ఫైర్‌వాల్
డైరెక్టర్లలో ఒక్కరు ప్లాంటు మేనేజరుకు ఫోను చేస్తే చాలు, రెండు నిమిషాల్లో తేలిపోతుంది. ఆ తర్వాత పేరాలోని నిజమైన మాటలను కూడా ఎవరూ నమ్మరు. పైగా మీరు చల్లదనం గురించి భయపెడితే వాళ్లు జనరేటరుకు డబ్బు మంజూరు చేస్తారు, ప్యాచ్‌కు కాదు. ప్రమాదం ఎక్కడ ఉందో అక్కడే చూపించాలి.

బ్రాడీపేట_నాలుగో_లైను
మరి నిజంగా ఆగేది ఏది? గేటు పాసులు, అద్దె లెక్క, సరకు దాచినవాళ్లకు మేమిచ్చే బాండ్ల రికార్డు. గత ఏడాది ఏప్రిల్‌లో సర్వర్ డిస్కు పాడై ఒక రోజంతా చేత్తో రాశాం. మామూలుగా నాలుగు గేట్లలో కలిపి 180 లారీలు వెళతాయి. ఆ రోజు 60 వెళ్లాయి. మిగిలినవి రోడ్డు పొడవునా ఆగి హాల్టింగు ఛార్జీలు అడిగాయి. ఆ రిజిస్టరు ఇంకా నా బీరువాలో ఉంది.

లెక్కల_మాస్టారు
ఇదీ అసలైన అంకె! ఊహ కాదు, మీ గేటులోనే కొలిచింది. నా 30 శాతం వెనక్కి తీసుకుంటున్నాను. కానీ దీన్ని రూపాయల్లోకి మార్చమన్న మాట మాత్రం వదలను. రోజుకు 120 లారీలు ఆగితే ఎంత అన్నది ఒక్క వాక్యంలో రాయండి.

పాత_ఫైర్‌వాల్
అలా అయితే నాకు అభ్యంతరం లేదు. ఎన్ని రోజులు ఆగుతుందో మీ ఐటీ ఆయన ఏమంటున్నారు?

బ్రాడీపేట_నాలుగో_లైను
మొదట "చెప్పలేను" అన్నారు. అన్నీ సవ్యంగా జరిగితే ఎన్ని రోజులు, అన్నీ అడ్డం తిరిగితే ఎన్ని రోజులు అని విడివిడిగా అడిగాను. 4 అన్నారు, తర్వాత 12 అన్నారు.

పాత_ఫైర్‌వాల్
రెండూ రాయండి. ఎప్పుడూ పరీక్షించలేదు కనుక ఇది అంచనా మాత్రమేనని పక్కనే రాయండి. "సుమారు 8 రోజులు" అని మధ్యలో పెట్టవద్దు, అది ఎవరూ చెప్పని అంకె.

ఇక ఓటీపీ వాక్యం. మీ ఐటీ ఆయన తప్పు అన్నది ఎందుకంటే, ఓటీపీ ఆపేది దొంగిలించిన పాస్‌వర్డుతో వచ్చేవాణ్ని. ఈ లోపం గుండా వచ్చేవాడు పాస్‌వర్డు అడిగే చోటికే రాడు, కాబట్టి ఓటీపీ అడిగే అవకాశమే రాదు. ఓటీపీ అవసరమే, కానీ అది వేరే తలుపుకు గడియ. ఈ తలుపు మూసేది ప్యాచ్. "ఓటీపీ కొంటే ప్రమాదం తొలగుతుంది" అని రాస్తే బోర్డు డబ్బిచ్చి నిశ్చింతగా ఉంటుంది, తలుపు మాత్రం తీసే ఉంటుంది.

ప్యాచ్ గురించీ ఒక మాట. అది ఇక ముందు వచ్చేవాళ్లను ఆపుతుంది. 47 రోజుల్లో ఎవరైనా ఇప్పటికే వచ్చి లోపల కూర్చుని ఉంటే వాళ్లను బయటకు పంపదు. తెలియని అడ్మిన్ ఖాతాలు ఉన్నాయేమో చూడాలి, అందరి పాస్‌వర్డులూ మార్చాలి, తెరిచి ఉన్న కనెక్షన్లన్నీ తెంచాలి.

రాత్రి_షిఫ్టు
ఇంతకీ ఛైర్మన్ గారి మొదటి ప్రశ్నకు జవాబు రాలేదు. దొంగ వచ్చాడా?

బ్రాడీపేట_నాలుగో_లైను
"రాలేదు" అని రాశాను. ఎవరెవరు కలిశారో పరికరం నమోదు చేసుకునే లాగ్‌లు ఐటీ ఆయన చూశారు, అనుమానించదగింది ఏమీ లేదు.

రాత్రి_షిఫ్టు
లాగ్‌లు ఎన్ని రోజులవి ఉన్నాయి?

బ్రాడీపేట_నాలుగో_లైను
9 రోజులవి. జాగా చాలక పాతవి వాటంతట అవే చెరిగిపోతాయట.

రాత్రి_షిఫ్టు
47 రోజులు తలుపు తీసి ఉంది, 9 రోజులు చూశారు. మిగతా 38 రోజుల సంగతి ఎవరికీ తెలియదు. "రాలేదు" అని ఎలా రాస్తారు?

కృష్ణలంక_సీఏ
లాగ్‌ల సంగతి నాకు తెలుసు, మా క్లయింటుకు ఒకరికి ఇదే ఇబ్బంది వచ్చింది. 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం లాగ్‌లు 180 రోజులు ఉంచాలి. దాడి జరిగినట్టు తెలిసిన 6 గంటల్లో వాళ్లకు తెలియజేయాలి. కంపెనీలకు కూడా వర్తిస్తుంది. 9 రోజులే ఉన్నాయన్నది సాంకేతిక లోటు ఒక్కటే కాదు, నిబంధన పాటించకపోవడం. బోర్డుకు అది విడిగా తెలియాలి.

ఇంకొకటి. రైతుల ఆధార్, బ్యాంకు ఖాతాలు మీ సర్వర్లో ఉంటాయి కదా? వాటిని కాపీ చేసుకుని పోతే బ్యాకప్ ఎంత మంచిదైనా ఉపయోగం లేదు. 2023 నాటి వ్యక్తిగత డేటా చట్టంలో జరిమానా 250 కోట్ల వరకు ఉంది, అది కూడా రాయండి.

పాత_ఫైర్‌వాల్
సమాచారం బయటికి పోవడం వేరే నష్టం అన్నది చాలా మంచి పాయింటు, నాకు తట్టలేదు. కానీ 250 కోట్లు గరిష్ఠ పరిమితి. నాలుగు కోల్డ్ స్టోరేజీల కంపెనీ నోటులో ఆ అంకె ఒక్కటే పెడితే మిగతా పేరా ఎవరూ చదవరు.

కృష్ణలంక_సీఏ
చట్టంలో ఉన్నది రాయకపోతే రేపు నన్నే అడుగుతారు. నేనైతే రాస్తాను.

బ్రాడీపేట_నాలుగో_లైను
అన్నీ కలిపి రాశాను. చూసి చెప్పండి.

> "బయటి నుంచి మన సర్వర్‌కు కలిసే పరికరంలో ఒక లోపం ఉంది (ఐటీ కాగితం సంఖ్య 3). పాస్‌వర్డు తెలియని వ్యక్తి కూడా దాని ద్వారా లోపలికి రావచ్చు. ఇతర సంస్థల మీద నేరగాళ్లు దీన్ని వాడినట్టు నిర్ధారణ అయింది. సరిచేసే ప్యాచ్ 47 రోజుల కిందట వచ్చింది. సీజన్‌లో గేట్లు ఆపలేక మనం వేయలేదు.
>
> మన దగ్గర ఎవరైనా వచ్చిన ఆనవాలు కనబడలేదు. అయితే మన దగ్గర ఉన్న రికార్డు గత 9 రోజులదే. అంతకుముందు ఎవరూ రాలేదని చెప్పలేం. నిబంధన ప్రకారం 180 రోజుల రికార్డు ఉండాలి.
>
> ఎవరైనా వస్తే గేటు పాసులు, అద్దె లెక్కలు, బాండ్ల రికార్డు ఆగిపోవచ్చు. రాత్రి బ్యాకప్ కూడా అదే తాళంతో తెరుచుకుంటుంది కనుక అదీ పోవచ్చు. వారికి అందని ప్రతి నెలకు ఒకసారి తీసేది మాత్రమే. గరిష్ఠంగా నెల రోజుల నమోదులు కాగితాలు చూసి మళ్లీ ఎక్కించాలి. పని మొదలవడానికి 4 నుంచి 12 రోజులు పట్టవచ్చు. ఎప్పుడూ పరీక్షించలేదు కనుక ఇది అంచనా. ఆ రోజుల్లో 180 లారీలకు బదులు సుమారు 60 వెళతాయి. చల్లదనం ఆగదు. రైతుల ఆధార్, ఖాతా వివరాలు బయటికి పోతే బ్యాకప్‌తో ఆ నష్టం పూడదు.
>
> కోరుతున్న నిర్ణయం: ఆదివారం రాత్రి 40 నిమిషాలు నాలుగు గేట్లు ఆపి ప్యాచ్ వేయడానికి, అందరి పాస్‌వర్డులు మార్చడానికి అనుమతి. వేరే తాళంతో ఉండే రెండో బ్యాకప్‌కు, లాగ్‌లు దాచడానికి ఖర్చు మంజూరు. ఇవి చేశాక కూడా దొంగిలించిన పాస్‌వర్డుతో వచ్చే ప్రమాదం మిగులుతుంది. ఓటీపీ అంశం వచ్చే సమావేశంలో."

లెక్కల_మాస్టారు
లారీల వాక్యం దగ్గర రూపాయలు లేవు.

బ్రాడీపేట_నాలుగో_లైను
హాల్టింగు ఛార్జీలు గత ఏడాది ఎంత కట్టామో వోచర్లు వెతుకుతున్నాను. దొరికితే ఆ ఒక్క రోజు అంకె పెడతాను. దొరకకపోతే లారీలతోనే ఆపుతాను.

పాత_ఫైర్‌వాల్
పేరా బాగుంది. ఒక్క పరీక్ష చేయండి. దీన్ని మీ ఐటీ ఆయనకు ఇచ్చి, పాత పేరా చూడకుండా తిరిగి సాంకేతిక భాషలో రాయమనండి. పాత పేరాలో ఉన్నది ఏదైనా రాకపోతే మనం పారేసుకున్నట్టు. లేనిది ఏదైనా వస్తే మనం కల్పించినట్టు.

బ్రాడీపేట_నాలుగో_లైను
చేయించాను. ఒకటి రాలేదు. "ఫ్లాట్ నెట్‌వర్క్" పోయింది. ఒక గోడౌన్ గేటు కంప్యూటర్‌లోకి వచ్చినవాడు మిగతా మూడు గోడౌన్లకూ నడిచి వెళ్లవచ్చన్న సంగతి నా పేరాలో లేదు. చదివేవాళ్లు ఒక గోడౌన్ ఆగితే మిగతావి నడుస్తాయని అనుకోవచ్చు. "నాలుగు గోడౌన్లూ ఒకే నెట్‌వర్క్‌లో ఉన్నందున నాలుగూ ఒకేసారి ఆగవచ్చు" అని చేర్చాను.

రాత్రి_షిఫ్టు
మీ ఐటీ ఆయన అదృష్టవంతుడు. మా దగ్గర మేము రాసింది మార్చాక మళ్లీ మాకు ఎవరూ చూపించరు.

బ్రాడీపేట_నాలుగో_లైను
సమావేశం ఈ రోజు అయింది. ఛైర్మన్ గారు పేరా ఒక్కసారే చదివారు. "అంటే తలుపు తీసి ఉంది, దొంగ వచ్చాడో లేదో మనం చూడలేదు" అన్నారు. అవునన్నాను. 40 నిమిషాలకు ఆదివారం దాకా ఎందుకు, ఈ రాత్రే ఆపమన్నారు. రెండో బ్యాకప్, లాగ్‌ల ఖర్చు మంజూరయ్యాయి. హాల్టింగు వోచర్లు సగమే దొరికాయి, అందుకని రూపాయలు పెట్టలేదు. 250 కోట్లు కూడా పెట్టలేదు సీఏ గారూ, "చట్ట ప్రకారం జరిమానా ఉండవచ్చు" అని మాత్రం రాశాను.

కానీ ఒక డైరెక్టరు అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పలేకపోయాను. మా దగ్గర దాచిన సరకు బాండ్ల మీద మూడు బ్యాంకులు రైతులకు, వ్యాపారులకు అప్పులిచ్చాయి. ఎవరైనా లోపలికి వచ్చి రికార్డు ఆపకుండా, చెరపకుండా, ఏ బాండు ఎవరిదో రెండు మూడు చోట్ల మార్చి వెళితే మనకు ఎప్పుడు తెలుస్తుంది అని అడిగారు. దాని గురించి మా పేరాలో ఒక్క మాట లేదు.

పాత_ఫైర్‌వాల్
మొదటి పేరాలోనూ లేదు. మనం అందరం ఆగిపోవడం గురించి, పోవడం గురించే ఆలోచించాం. గేటులో ఉన్న రెండో ప్రతులను ఇప్పుడు ఎవరైనా కంప్యూటర్‌లోని బాండ్లతో పోల్చి చూస్తున్నారా?

బ్రాడీపేట_నాలుగో_లైను
ఏడాదికి ఒకసారి, స్టాకు తనిఖీలో. రేపు ఉదయం ఒక గేటువి నూరు చీటీలు తీసుకుని నేనే మొదలుపెడుతున్నాను. ఏం తేలిందో ఇక్కడే రాస్తాను.